నార్మలమ్మ కుడి చేయి

మెడికల్ కాలేజీ ఫిజియాలజీ ల్యాబులో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. కుడి చేయి ఆనించే చెక్క మీద రంగు ఎప్పుడో పోయింది. సాయంత్రం వెలుతురు పడితే అక్కడ మాత్రం చెక్క తేనెలా మెరుస్తుంది. అది వార్నిషు మెరుపు కాదు. ఒక మనిషి మోచేయి ఏళ్ళ తరబడి ఆని ఆని తెచ్చిన మెరుపు.

ఆ మనిషి ల్యాబులో అటెండరు. తలుపులు తీయడం, బల్లలు తుడవడం, బీపీ పెట్టెల్లో పాదరసం సున్నా దగ్గర ఉందో లేదో చూసి వరసగా పెట్టడం ఆమె పని. కుర్చీలో కూర్చోవడం ఆమె పని కాదు. ఒకసారి పరీక్ష రోజున కొలిపించుకోవడానికి రావలసిన మనిషి రాకపోతే, "కాసేపు నువ్వు కూర్చోమ్మా, చేయి ఇస్తే చాలు" అన్నారు. ఇచ్చింది. పిల్లలు నాడి చూశారు, బీపీ చూశారు, ఊపిరి వేగం కొలిచే పీక్ ఫ్లో మీటరు నోటికిచ్చి ఊదించారు. ఆ రోజు వచ్చిన పరీక్షకుడు లేచి వెళ్తూ, "గుడ్. నార్మల్ సబ్జెక్ట్" అన్నాడు.

జీవితంలో ఆమెను ఎవరూ దేనికీ గుడ్ అనలేదు. భర్త పోయిన ఇంట్లో అత్తగారు నష్టజాతకం అంది. పుట్టింట్లో వదిన అదనపు కంచం అంది. ఇప్పుడు తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి, లోపల రక్తం పారే తీరు చూసి మరీ, గుడ్ అన్నాడు. ఆమె ఆ మాటని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఇంట్లో ఉండేది చెల్లెలు. కుట్టుమిషను తొక్కుతుంది, తొక్కుతూనే మాట్లాడుతుంది.

"నార్మలంటే ఏంటక్కా?"

"అన్నీ ఎలా ఉండాలో అలా ఉండటమే."

"మన ఇంట్లోనా?" అని చెల్లెలు నవ్వి దారం కొరికింది.

కాలేజీలో కూడా ఆ పేరే నిలిచింది. నార్మలమ్మ. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

పరీక్ష రోజున పిల్లలు ఒకరినొకరు కొలుచుకుంటే ముందే మాట్లాడుకుని వస్తారని, అందరూ కొలవడానికి ఒకే మనిషిని, ఒకే సబ్జెక్టుని పెట్టే పద్ధతి ఉండేది అక్కడ. ఆ పద్ధతిలోంచే అసలు జబ్బు పుట్టింది. ఒక ఏడాది ఒక పిల్ల, ఎంత వెతికినా నాడి దొరక్క, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నార్మలమ్మ చూడలేకపోయింది. అంతకుముందు కూర్చున్న కుర్రాడు పరీక్షకుడికి చెప్పిన అంకెలు చెవిలో ఉన్నాయి. పెదవులు కదపకుండా, ఊపిరితో అన్నట్టు చెప్పింది. "డెబ్బై రెండు. నూట ఇరవై, ఎనభై."

ఆ పిల్ల పాసైంది. మిఠాయి పొట్లం తెచ్చి కాళ్ళకు దండం పెట్టినంత పని చేసింది.

ఆ తర్వాత అది ఆచారమైపోయింది. సీనియర్లు జూనియర్లకి చెప్పేవాళ్ళు. "వైవాలో అడిగే ప్రశ్నలకి చదువుకో. రీడింగులకి నార్మలమ్మ ఉంది." పీక్ ఫ్లోకి ఆమె ఇంకో కిటుకు నేర్చుకుంది. గట్టిగా ఊదే బదులు, విత్తనం ఉమ్మినట్టు నాలుకతో ఒక్క తోపు తోస్తే ముల్లు నాలుగువందలు దాటి కూర్చుంటుంది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ తోపు ఊపిరితిత్తులది కాదని ఆమెకి తెలియదు. పిల్లలకి తెలిసినా, చప్పట్లు కొట్టే సమయంలో అడగరు.

ఆమె కుర్చీకి పైన గోడమీద ఒక చార్టు ఉండేది. ఐదు నిమిషాలు విశ్రాంతి. చేయి గుండె ఎత్తులో. కొలుస్తున్నంతసేపు సబ్జెక్టు మాట్లాడకూడదు. ఆ చివరి వాక్యం కిందే కూర్చుని, ఆమె ఇన్నేళ్ళూ మాట్లాడింది.

పిల్లలకి నేర్పే ట్యూటరు చెడ్డవాడు కాదు. ఆ ల్యాబులో ఆయన జుట్టు నెరిసింది, ప్రమోషను మాత్రం రాలేదు. పాఠం చెప్పేటప్పుడు ఆయన గొంతులోకి ఒక యవ్వనం వచ్చేది. నార్మలమ్మ మణికట్టు మీద మూడు వేళ్ళు వాల్చి, వీణ మెట్ల మీద వాల్చినట్టు, పిల్లల వైపు తిరిగేవాడు.

"మూడు వేళ్ళెందుకు? మోచేతి వైపు వేలు రక్తాన్ని నొక్కి ఆపడానికి. అరచేతి వైపు వేలు, అక్కడి ధమనుల వంపులోంచి వెనక్కి వచ్చే రక్తాన్ని ఆపడానికి. మధ్య వేలు వినడానికి. బొటనవేలు ఎందుకు వద్దు?"

జవాబు ఆయనే చెప్పేవాడు.

"దానికి దాని సొంత కొట్టుకోవడం ఉంది నాయనా. నీ గుండెని లెక్కపెట్టి, ఆవిడ గుండె అని రాసేస్తావు."

పిల్లలు నవ్వేవాళ్ళు. నార్మలమ్మ కూడా నవ్వేది. ఆయన వేళ్ళు తీసేవాడు. ఎంత వచ్చిందో ఆయన కూడా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అది పాఠం, పరీక్ష కాదు.

ఏళ్ళు గడిచాయి. నార్మలమ్మకి పొద్దున లేవగానే తల వెనక బరువుగా ఉండటం మొదలైంది. మెట్లెక్కితే చెవుల్లో ఎవరో గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు.

"ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ" అంది చెల్లెలు.

"నాకా? ఏడాదికి వందమంది చూస్తారే నన్ను!"

"చూసేవాళ్ళంతా నేర్చుకునేవాళ్ళేగా."

"పైన పరీక్షకులు లేరూ? వాళ్ళ కంటే పెద్ద డాక్టర్లు నీకెక్కడ దొరుకుతారు? నువ్వు ఆ కూరలో ఉప్పు సరిగ్గా వెయ్యడం నేర్చుకో ముందు."

"ఇంకా ఉప్పా తల్లీ? ఉప్పుగల్లు నోట్లో వేసుకుని చప్పరించరాదూ నార్మల్ మహారాణీ" అని చెల్లెలు మూతి తిప్పుకుంది.

ఆ ఏడాదే సప్లీ వచ్చింది. సప్లీ అంటే మొదటిసారి తప్పి, మళ్ళీ రాస్తున్న పిల్ల. తోటివాళ్ళంతా పై ఏడాదికి వెళ్ళిపోయి వార్డుల్లో తిరుగుతున్నారు. మొదటిసారి ఈ పిల్ల కూడా నార్మలమ్మ చెప్పిన అంకెలే చెప్పింది. పరీక్షకుడు అంకెలు వదిలేసి, "ఎక్కడిదాకా గాలి కొట్టావు? అక్కడిదాకే ఎందుకు?" అని అడిగాడు. కొట్టనే లేదు కాబట్టి జవాబు లేదు. అందుకని ఈసారి కారణాలు నేర్చుకుని వచ్చింది. హాస్టలు గదిలో తలుపు వేసుకుని తన చేతికి తానే బీపీ పట్టీ కట్టుకుని కొలుచుకుంది. నిద్రలో కూడా పక్కదాని మణికట్టు పట్టుకునేదట.

పరీక్ష రోజు మధ్యాహ్నం కావస్తోంది. కిటికీలోంచి ఎండ నార్మలమ్మ ఒళ్ళోకి జారింది. పొద్దుటినుంచి ఎందరో కట్టి విప్పిన చేయి మీద, మోచేతి పైన, ఎర్రటి చార పడింది. సప్లీ వచ్చి, స్టూలు దగ్గరికి లాక్కుని, నమస్కారం పెట్టింది. ముందు మణికట్టు పట్టుకుంది.

"డెబ్బై రెండు" అంది నార్మలమ్మ ఊపిరితో.

సప్లీ తల ఊపలేదు. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. ఎనభై ఆరు. తర్వాత వేళ్ళతో ధమనిని నొక్కి ఖాళీ చేసి, ఎముక మీద అటూ ఇటూ దొర్లించింది. మెత్తగా అణగిపోవాలి. అణగలేదు. చర్మం కింద ఎవరో గట్టి దారం కుట్టినట్టు తగిలింది.

కఫ్ చుట్టింది. ఆ గాలి పట్టీ అంచు మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన ఉండేలా సర్దింది.

"నూట ఇరవై, ఎనభై. బల్బు ఊరికే నొక్కు, చాలు."

"మాట్లాడకండమ్మా" అంది సప్లీ మెల్లగా. "కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడితే పెరుగుతుంది."

ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో ఆమెకి ఎవరూ ఆ మాట చెప్పలేదు. నార్మలమ్మ ముఖం ముడుచుకుపోయింది.

సప్లీ స్టెతస్కోపు పెట్టలేదు ఇంకా. వేళ్ళు మణికట్టు మీదే ఉంచి గాలి కొట్టింది. నూట ఇరవై దాటింది, నాడి కొట్టుకుంటూనే ఉంది. నూట యాభై. ఉంది. నూట ఎనభై. ఉంది. నూట తొంభై దగ్గర, దూరంగా నడిచి వెళ్ళిపోయిన అడుగుల్లా, ఆగిపోయింది. గాలంతా వదిలేసి, కాసేపు ఆగి, ఈసారి స్టెతస్కోపు పెట్టి, నాడి పోయిన చోటికి ముప్పై పైన దాకా ఎక్కించి, మెల్లగా దించింది. నూట తొంభై ఆరు దగ్గర మొదటి చప్పుడు. నూట డెబ్బై నాలుగు దగ్గర చప్పుడు మాయం. పాదరసం మౌనంగా దిగుతోంది. నూట నలభై ఆరు దగ్గర మళ్ళీ టక్, టక్. తొంభై ఆరు దగ్గర పూర్తిగా నిశ్శబ్దం.

ఆ నడిమి నిశ్శబ్దం గురించి, ఆస్కల్టేటరీ గ్యాప్ అనే పేరుతో, పుస్తకంలో చదివింది. కొందరు రక్తపోటు మనుషుల్లో చప్పుళ్ళు మధ్యలో కొంతసేపు ఆగిపోతాయి. ముందు వేళ్ళతో చూడకుండా తక్కువ గాలి కొట్టినవాడు ఆ నిశ్శబ్దంలో దిగుతాడు. కింద వినపడిన చప్పుడే మొదటిదనుకుంటాడు. పై అంకె వాడికి ఎప్పటికీ దొరకదు. పుస్తకంలో బొమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చుని, మూతి ముడుచుకుని, కిటికీలోంచి చూస్తోంది.

పరీక్షకుడు వచ్చాడు. బయటి కాలేజీనుంచి వచ్చిన మనిషి. భోజనం వేళ దాటిపోతోంది. పక్కన ట్యూటరు.

"చెప్పమ్మా."

"నాడి ఎనభై ఆరు, క్రమంగా ఉంది సార్. ధమని గోడ చేతికి తగులుతోంది. బీపీ నూట తొంభై ఆరు బై తొంభై ఆరు. నూట డెబ్బై నాలుగు నుంచి నూట నలభై ఆరు దాకా ఆస్కల్టేటరీ గ్యాప్."

ఆయన పెన్ను ఆగింది. ట్యూటరు వైపు చూశాడు. ట్యూటరు నేలవైపు చూశాడు.

"పొద్దుటినుంచి ఇదే చేతిమీద నూట ఇరవై, ఎనభై విన్నాను. నీకొక్కదానికే నూట తొంభై ఆరా?"

"నేను కొలిస్తే వచ్చింది సార్."

ఆయనే స్టెతస్కోపు చెవిలో పెట్టుకున్నాడు. వేళ్ళతో చూడలేదు. నూట అరవై దాకా కొట్టి వదిలాడు. "నూట నలభై ఆరు. ఈ గోలలో, ఈ ఎండలో కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. నూట తొంభై ఆరు ఎక్కడిది?"

"ముందు వేళ్ళతో చూడండి సార్, నాడి పోయేదాకా..."

పక్క బల్లల దగ్గర పిల్లలు తలలెత్తి చూశారు. పరీక్షకుడికి కొలవడం నేర్పిన పిల్ల ఆ కాలేజీ చరిత్రలో ఇంకొకతి లేదు.

"నువ్వు చెప్పాలా నాకు?" ఆయన నార్మలమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు బీపీ ఉందా?"

ఆ ఒక్క క్షణం తూచే ముల్లులా ఆమె నాలుక మీద నిలబడింది. అవునంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆ కుర్చీ పోతుంది. గుడ్ అన్న మాట పోతుంది. పొద్దుటినుంచి తను అంకెలు అందించిన పిల్లలందరూ, తన బిడ్డల్లాంటివాళ్ళు, తప్పిపోతారు.

"లేదు సార్. నాది ఎప్పుడూ నార్మలే."

ట్యూటరు దగ్గాడు. ఏదో అనబోతున్నట్టు నోరు తెరిచాడు. ఈ పిల్లది నిజమైతే పొద్దుటినుంచి విన్న జవాబులన్నీ అబద్ధం. అవన్నీ అబద్ధమైతే ఇన్నేళ్ళుగా ఆ హాల్లో విన్నవన్నీ అబద్ధం. అంతమందిని ఫెయిల్ చెయ్యడం కుదరదు. ఒక్కదాన్ని చెయ్యడం కుదురుతుంది. ఆయన నోరు మూసుకున్నాడు.

"పీక్ ఫ్లో మూడుసార్లు ఊదిస్తారు. సగటు తీసుకోవాలా, ఎక్కువ వచ్చినది తీసుకోవాలా?" పరీక్షకుడు వెళ్ళబోతూ అడిగాడు.

"ఎక్కువది సార్. అది మనిషి పెట్టే బలం మీద ఆధారపడుతుంది. సరిగ్గా ఊదకపోతే తగ్గుతుంది. కానీ నాలుకతో ఉమ్మినట్టు తోస్తే దొంగ రీడింగు ఎక్కువగా వస్తుంది, అది పనికిరాదు."

ఆ మాటతో నార్మలమ్మ ముఖంలోకి రక్తం చిమ్మింది.

సప్లీ మళ్ళీ తప్పింది.

వరండాలో ఆ పిల్ల నార్మలమ్మకి ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "అమ్మా, నా సంగతి వదిలెయ్యండి. ఓపీకి వెళ్ళి ఒకసారి చూపించుకోండి. మీకు నిజంగా ఉంది."

"నోటిదాకా తెచ్చి పెడితే ఉమ్మేశావు కదే! పైగా నాకు రోగం అంటగడతావా? నీ తెలివి నిన్నే ముంచింది, నన్ను కూడా ముంచుదామని చూశావు. ఫో."

ఆ సాయంత్రం ల్యాబు ఖాళీ అయ్యాక ట్యూటరు ఒక బీపీ పెట్టె తెరిచాడు. "ఒకసారి ఇలా కూర్చోమ్మా" అన్నాడు.

"మీరేంటి సార్ చూడటం?" అంది ఆమె సంబరంగా, చేయి చాపుతూ.

ఆయన కఫ్ చుట్టాడు. మణికట్టు మీద మూడు వేళ్ళు ఉంచాడు. గాలి కొట్టబోయి ఆగాడు. కొలిస్తే తెలుస్తుంది. తెలిస్తే చెప్పాలి. వేళ్ళ కింద ఆమె నెత్తురు తలుపు కొడుతున్నట్టు కొట్టుకుంటోంది. ఆయన తలుపు తీయలేదు. "పొద్దుటినుంచి అలిసిపోయి ఉంటావు. రేపు చూద్దాంలే" అని కఫ్ విప్పేశాడు. ఆ రేపు రాలేదు.

మూడోసారి సప్లీ అదే కుర్చీ ముందు కూర్చుంది. నార్మలమ్మ కోపం మరిచిపోయింది, పిల్ల పాడైపోతోందని జాలిపడింది. "డెబ్బై రెండు. నూట ఇరవై, ఎనభై" అంది. సప్లీ పాదరసం వైపు చూడకుండా గాలి వదిలింది. ఆ అంకెలే అప్పజెప్పింది. పాసైంది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కుంది.

కొత్త బ్యాచి వచ్చింది. ట్యూటరు పీక్ ఫ్లో పాఠం చెబుతున్నాడు. ముల్లు సున్నాకి తెచ్చి, నార్మలమ్మని నిలబెట్టాడు. "గుండెల నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి, ఒక్క ఊపున ఊదాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఎత్తుని బట్టి, వయసుని బట్టి ఇంత రావాలని లెక్క ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి గొట్టాలు ఇరుకై తగ్గుతుంది, అందులోనూ పొద్దుట పూట. మా నార్మలమ్మ చూడండి, నాలుగువందలు దాటిస్తుంది."

ఆమె ఊదింది. ముల్లు నూట యాభై దగ్గర ఆగింది. కుడివైపు పెదవి మూలనుంచి గాలి తుస్సుమని జారిపోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"పెదవులు బిగించమ్మా."

మళ్ళీ ఊదింది. ఇంకా తక్కువ. లాలాజలం గడ్డం మీదికి జారింది. కొత్తగా వచ్చిన మౌత్‌పీసు లావని ఆమె అనబోయింది. మాట బయటికి రాలేదు.

"మూడోసారి. మూడింట్లో ఎక్కువదే మనం తీసుకుంటాం" అన్నాడు ట్యూటరు పిల్లలతో.

మూడోసారి మీటరు చేతిలోంచి జారి పడింది. కుడి చేయి, అందరూ పట్టుకున్న చేయి, తనది కానట్టు పక్కన వేలాడింది. అప్పుడు గానీ ఎవరూ నవ్వు ఆపలేదు.

ప్రాణం నిలిచింది. కుడివైపు కాలూ చేయీ పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా పోయినా బాగుండేది. ఒక్క ముక్క మిగిలింది. మెదడులో, కాలిపోయిన ఇంట్లో కాలకుండా మిగిలిన గిన్నెలా, ఒకే ఒక్క ముక్క. ఆకలేస్తుందా అక్కా అని చెల్లెలు అడిగితే, "నూట ఇరవై, ఎనభై." నొప్పిగా ఉందా అంటే, "నూట ఇరవై, ఎనభై." ఏడ్చేటప్పుడు కూడా అదే. చెల్లెలు మిషను ఆపేసి వార్డులో కూర్చుంది. ఎగతాళి చేయడానికి ఆమెకి ఏ మాటా దొరకలేదు.

అంత స్పష్టమైన పక్షవాతం కేసు కాబట్టి మెడిసిన్ ప్రొఫెసరు పిల్లల్ని ఆ మంచం దగ్గరికే తెస్తున్నాడు. నిన్నటి సబ్జెక్టు ఇవాళ్టి కేసు అయింది. ఒక రోజు వచ్చిన గుంపులో సప్లీ ఉంది. ఇప్పుడు ఆమెని ఎవరూ ఆ పేరుతో పిలవరు.

"ఇంతకు ముందు రక్తపోటు ఉన్నట్టు తెలుసా?" అడిగాడు ప్రొఫెసరు.

"లేదండీ" అంది చెల్లెలు. "ఏడాదికి వందమంది చూసేవాళ్ళు. అంతా నార్మలే అనేవాళ్ళు."

ప్రొఫెసరు పిల్లల వైపు తిరిగాడు. "విన్నారుగా. లోపల ఉన్నట్టు మనిషికే తెలియదు. ఎవరైనా బీపీ చూడండి. ఏ చేతికి?"

"ఎడమ చేతికి సార్" అంది ఆ పిల్ల. "పడిపోయిన చేతిలో సరైన రీడింగు రాదు."

"గుడ్. చూడు."

ఆమె మంచం పక్కన కూర్చుంది. ఎడమ చేతికి కఫ్ చుట్టింది. ఎవరూ ఎప్పుడూ కొలవని చేయి అది. మణికట్టు మీద మూడు వేళ్ళు ఉంచింది. నార్మలమ్మ ఆ ముఖాన్ని గుర్తుపట్టింది. వంకర పోయిన నోటి మూల కదిలింది. కళ్ళలో పాత జాలి, పాత గారాబం. పిల్ల తప్పిపోకూడదన్న ఆత్రంతో, ఊపిరితో అంది.

"నూట ఇరవై, ఎనభై."

గుంపులో ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"మాట్లాడకండమ్మా" అంది ఆ పిల్ల, ముఖం ఎత్తకుండా. "కొలిచేటప్పుడు మాట్లాడకూడదు."

గాలి కొట్టడం మొదలుపెట్టింది. పాదరసం నూట ఇరవై దాటి పైకి పోతూనే ఉంది.